ఎండాకాలంలో మాంసం, చేపలు ఎంతసేపు ఆగుతాయి: కోసిన వేళ నుంచి ఫ్రిజ్ దాకా

సంక్షిప్తంగా: ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు పచ్చి మాంసాన్ని, చేపలను చల్లదనం లేకుండా గంటకు మించి ఉంచరాదన్నది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పిన నియమం. అయితే ఆ నియమం ముందే చల్లబరిచి అమ్మే మాంసాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. నల్గొండ, మహబూబ్‌నగర్ అంగళ్లలో దొరికే మాంసం అదే రోజు పొద్దున కోసినది, వేడి తగ్గనిది. అందువల్ల ఇక్కడ గంట అన్నది కచ్చితంగా పాటించవలసిన గడువు. వెంటనే వండేవారికి కొంత వెసులుబాటు ఉంటుంది, మరునాటికి దాచుకునేవారికి ఉండదు. చేపకు గడువు ఇంకా తక్కువ, కొర్రమీనును ప్రాణంతో తెచ్చుకోవడం ఒక్కటే దీనికి మినహాయింపు. గంటకు మించిన ప్రయాణమైతే చేప ఎంత బరువుంటే అంత బరువు ఐసు కావాలి.

ఏప్రిల్, మే నెలల్లో దక్షిణ తెలంగాణ జిల్లాల్లో పగటి ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. ఆదివారం పొద్దున మటన్ కొట్టు ముందు వరుసలో నిలబడి, మాంసం తీసుకుని, ఆ తర్వాత కూరగాయలు, కిరాణా సరుకులు కూడా కొని, పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఊరికి మోటారు సైకిల్ మీద చేరే కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. జూన్ మొదటి వారం ముగిసేసరికి మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినాలన్న ఆనవాయితీ వల్ల చేపల అంగళ్లు కిక్కిరిసిపోతాయి, ఎండ మాత్రం అప్పటికి పూర్తిగా తగ్గదు. ఈ రోజుల్లో కొన్న మాంసం ఎంతసేపు బయట ఉండవచ్చన్న ప్రశ్నకు వాట్సాప్ సందేశాల్లో ‘రెండు గంటలు’, ‘నాలుగు గంటలు’, ‘వాసన రానంతసేపు’ అని రకరకాల జవాబులు తిరుగుతుంటాయి. అవి ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం, ప్రతి జవాబూ గంటలను వేరే వేళ నుంచి లెక్కపెడుతుండటమే.

రెండు గంటల నియమం ఎవరి కోసం చేసినది

సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య పెరుగుతాయని, ఆహారాన్ని ఆ హద్దుల మధ్య ఎక్కువసేపు ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ దీన్ని గంటల్లోకి మార్చి, త్వరగా పాడయ్యే ఆహారం ఏదైనా చల్లదనం లేకుండా రెండు గంటలకు మించి ఉండరాదని, పరిసరాల ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక గంటేనని చెప్పింది. మన దగ్గర తిరిగే ‘రెండు గంటల’ మాట అక్కడి నుంచి వచ్చినదే. గంటకు తగ్గించిన రెండో సగం మాత్రం చాలా సందేశాల్లో కనిపించదు. మన వేసవికి పనికివచ్చేది ఆ రెండో సగమే.

ఇందులో గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. అమెరికాలో మాంసాన్ని కోసిన కొద్ది గంటల్లోనే చల్లటి గదుల్లోకి చేరుస్తారు. దుకాణంలో కొనేటప్పుడు అది సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. అటువంటి కిలో పొట్లాన్ని బయటికి తీసినప్పుడు, అది బ్యాక్టీరియా వేగంగా పెరిగే స్థాయికి వేడెక్కడానికే కొంత సమయం పడుతుంది. అంటే వారి గడువులో మొదటి భాగం ఆ చల్లదనం తరిగిపోవడానికే సరిపోతుంది. ఇక్కడి కొట్టులో కొక్కేనికి వేలాడే యాట మాంసం కోసిన నాటి నుంచి చల్లబడింది లేదు. గొర్రె, మేకల ఒంటి వేడి 39 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పొద్దున కోసిన మాంసం తొమ్మిది గంటలకు కవర్లో పడేసరికి బయటి గాలి కూడా 35 డిగ్రీలకు చేరి ఉంటుంది కనుక, ఆ వేడి తగ్గేందుకు దారి దొరకదు. కాబట్టి అదే నియమాన్ని ఇక్కడ వాడుకుంటే, దాన్ని తయారుచేసినవారు ఊహించిన దానికన్నా వేడి మాంసానికి వాడుకుంటున్నట్టే. రెండు గంటలు దాటినా ఏమీ కాలేదన్న అనుభవం చాలామందికి ఉండవచ్చు, ఎందుకంటే మాంసం సాధారణంగా వెంటనే పొయ్యి ఎక్కుతుంది. దాచిపెట్టిన మాంసానికి ఆ అనుభవం సాక్ష్యం కాదు.

మాంసంలో ఏం జరుగుతుంది

ఆరోగ్యంగా ఉన్న జంతువు కండ లోపలి భాగంలో సూక్ష్మజీవులు దాదాపుగా ఉండవు. అవి చర్మం నుంచి, పేగుల నుంచి, కత్తి నుంచి, మొద్దు నుంచి, చేతుల నుంచి మాంసం పైభాగానికి చేరుతాయి. కోసి తోలు తీసి వేలాడదీసిన యాటకు ఒక సహజమైన రక్షణ ఉంటుంది. మన ప్రాంతపు పొడి గాలికి దాని పైపొర ఆరిపోయి పలుచటి గట్టి పొరగా మారుతుంది, తడి లేని చోట బ్యాక్టీరియా వేగంగా పెరగలేదు. కండలో నిలవ ఉన్న చక్కెర పదార్థం పులిసి ఆమ్లంగా మారడం వల్ల మాంసం కొద్దిగా పుల్లబడటం కూడా కొంత అడ్డుకుంటుంది. ఎండలో చాలా దూరం నడిపించి గాని, వాహనంలో కుక్కి గాని తెచ్చి వెంటనే కోసిన జంతువులో ఆ నిలవ అప్పటికే ఖర్చయిపోతుంది. ఆ మాంసం తగినంత పుల్లబడదు, ముదురు రంగులో జిగటగా కనిపిస్తుంది, మామూలు మాంసం కన్నా ముందే పాడవుతుంది.

ఈ రక్షణ అంతా మాంసాన్ని ముక్కలు కొట్టిన నిమిషంలో పోతుంది. ఒక తొడను నలభై ముక్కలు చేస్తే, అప్పటిదాకా గాలి సోకని లోపలి భాగమంతా పైభాగమవుతుంది. కత్తి మీది సూక్ష్మజీవులు ప్రతి ముక్కకూ అంటుకుంటాయి. కొట్టులోనే నీళ్లతో కడిగి కవర్లో వేస్తే ఆరిన పొర స్థానంలో తడి చేరుతుంది. కీమాలో ఈ మార్పు పరాకాష్ఠకు చేరుతుంది, దానిలో పైభాగం కానిదంటూ ఏదీ మిగలదు. కార్జం, బోటి కూడా ఇలాంటివే. బోటి పేగుల నుంచే వచ్చేది గనుక మొదటి నుంచే దానిలో సూక్ష్మజీవుల సంఖ్య ఎక్కువగా ఉంటుంది. అందుచేత ఆరు గంటలకు కోసి, తొమ్మిది దాకా నీడలో వేలాడిన తొడ మాంసం కన్నా, ఎనిమిదింటికే కీమా కొట్టి గిన్నెలో పోసిపెట్టింది ఎక్కువ ప్రమాదకరం. కొట్టువాడిని ‘యాట ఎప్పుడు కోసినవ్’ అని అడగడం మంచిదే. దానితో పాటు ముందే కొట్టి కుప్పగా పోసిన ముక్కలు తూచకుండా, వేలాడుతున్న దాని నుంచి అప్పటికప్పుడు కొట్టించుకోవడం ఇంకా అవసరం. ఊళ్లలో నలుగురైదుగురు కలిసి యాటను కోయించి పోగులు వేసుకునే పద్ధతిలో, కోసిన వేళ అందరికీ తెలిసి ఉండటం ఒక మేలు. పోగులు వేసి అరుగు మీద గంటలకొద్దీ ఉంచకపోతే ఆ మేలు పూర్తిగా దక్కుతుంది.

అంకెలు చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 37 డిగ్రీల చుట్టుపక్కల, తడి, ఆహారం రెండూ దొరికిన చోట రోగకారక బ్యాక్టీరియాలో చాలావరకు సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన రెండు గంటల్లో 64 రెట్లు, మూడు గంటల ఇరవై నిమిషాల్లో వెయ్యి రెట్లకు పైగా అవుతాయి. నిజానికి కొత్త చోటికి చేరిన బ్యాక్టీరియా అక్కడి పరిస్థితులకు అలవాటుపడే వరకు కాసేపు పెరగకుండా ఆగుతుంది. గంట, రెండు గంటల నియమాలకు కొంత ఆధారం ఆ విరామమే. కానీ పొద్దుటి నుంచి వెచ్చగానే ఉన్న మాంసం విషయంలో ఆ విరామం కొట్టులోనే గడిచిపోయి ఉంటుంది. కొన్నవారి చేతికి వచ్చేసరికి పెరుగుదల మొదలై ఉండవచ్చు.

కోడి విషయంలో ఈ లెక్క తేలిక. చికెన్ సెంటర్‌లో చాలావరకు ముందే కోసిన కోళ్లు ఉండవు, అడిగినప్పుడే కోస్తారు. కాబట్టి కాలం ఎప్పుడు మొదలైందో కొన్నవారికి తెలుసు. అయితే కోడి ఒంటి వేడి 41 డిగ్రీలు దాటి ఉంటుంది, పచ్చి కోడి మాంసంలో సాల్మొనెల్లా ఉండే అవకాశం మటన్‌లో కన్నా ఎక్కువ. వెచ్చటి, తడి ముక్కలను కవర్లో వేసి ముడి వేస్తారు. అందువల్ల కోడిని బజారు పనులన్నీ ముగిసిన తర్వాత, ఇంటికి బయలుదేరే ముందు కోయించుకోవడమే సరైన వరుస. మటన్ కొట్టు దగ్గర పొద్దున్నే వరుసలో నిలబడవలసి వస్తుందని మాంసం ముందు కొని, ఆ కవర్ బండికి తగిలించి గంటసేపు రైతుబజారులో తిరగడం వల్ల ఉన్న గడువంతా అక్కడే ఖర్చవుతుంది.

చేప ఎందుకు ముందు పాడవుతుంది

చేప కండలో పులిసే నిలవ మాంసంలో కన్నా తక్కువ. వలలో కొట్టుకున్నప్పుడు అది కూడా కరిగిపోతుంది. అందుచేత చేప మాంసం పెద్దగా పుల్లబడదు, బ్యాక్టీరియాకు అడ్డు తక్కువ. దానికితోడు కడుపులోని జీర్ణ రసాలు చేప చచ్చిన తర్వాత కూడా పనిచేస్తూ లోపలి గోడలను కరిగిస్తాయి. ఎండలో పెట్టిన బొచ్చె, రవ్వ చేపల పొట్ట మెత్తబడి పగలడం వీటి పనే. చేపలను పాడుచేసే బ్యాక్టీరియా తక్కువ వేడిలోనూ పెరుగుతుంది కాబట్టి, చేపకు మామూలు ఫ్రిజ్ చల్లదనం కన్నా ఐసు మేలు. 10 డిగ్రీల దగ్గర ఉన్న చేప, ఐసులో ఉన్న చేప కన్నా సుమారు నాలుగు రెట్లు వేగంగా పాడవుతుందని మత్స్య పరిశోధకులు లెక్కగట్టారు. పట్టిన వెంటనే సరిగా ఐసు పెట్టిన మంచినీటి కార్ప్ చేప దాదాపు రెండు వారాలు తినదగినట్టుగా ఉంటుంది. అదే చేపను 30 డిగ్రీలు దాటిన వేడిలో వదిలేస్తే పది పన్నెండు గంటల్లో పనికిరాకుండా పోతుంది. ఈ రెండింటినీ పోల్చితే, ఎండలో గడిచిన ఒక్కో గంటా ఐసులో గడిచే ఒక రోజుకు పైగా ఆయుష్షును తీసేస్తుందని అర్థం.

దీన్ని బట్టి మృగశిర నాటి అంగడిలో ఒక పొరపాటు అంచనాను సరిదిద్దుకోవచ్చు. కొల్లేరు, భీమవరం వైపు నుంచి లారీల్లో ఐసు నడుమ వచ్చిన చేపను ‘నిన్నటిది’ అని పక్కన పెట్టి, చెరువులో పొద్దున్నే పట్టామని చెప్పి రోడ్డు పక్కన గోనె మీద పరిచిన చేపను చాలామంది ఎంచుకుంటారు. ఐసు వదలని నిన్నటి చేప, నాలుగు గంటలు ఎండలో పరిచిన నేటి చేప కన్నా మెరుగైన స్థితిలో ఉంటుంది. కళ్లు ఉబ్బి మెరుస్తూ ఉండటం, మొప్పలు ఎర్రగా ఉండటం, వేలితో నొక్కిన చోటు వెంటనే పైకి లేవడం, పొలుసులు గట్టిగా పట్టి ఉండటం చేప స్థితికి గుర్తులు. పట్టిన తేదీ కన్నా వీటిని నమ్మవచ్చు. మొప్పలు గోధుమ రంగుకు తిరిగి, కళ్లు లోపలికి కుంగి, నొక్కిన చోట గుంట అలాగే నిలిస్తే ఆ చేపను అక్కడే వదిలేయాలి.

కొర్రమీను ఈ లెక్క అంతటికీ బయట నిలుస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను నేరుగా గాలి పీల్చగలదు కాబట్టి కొద్దిపాటి నీళ్లతో గంటల తరబడి బతికి ఉంటుంది. తొట్టిలో ప్రాణంతో ఉన్నదాన్ని మూతికి గాలి ఆడే డబ్బాలో కొద్ది నీళ్లతో ఇంటికి తెచ్చి అక్కడే కోసుకుంటే, పాడయ్యే కాలం ఇంట్లోనే మొదలవుతుంది. దూరం ఊళ్లవారికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

నల్ల కవర్, డిక్కీ, తడి గుడ్డ

అంగడి నుంచి ఇంటికి వచ్చే దారిలో మాంసం దానంతట అది చల్లబడే అవకాశం లేదు, వేడెక్కే అవకాశాలు మాత్రం ఉన్నాయి. నల్ల కవర్ మీద నేరుగా ఎండ పడితే దాని లోపలి వేడి బయటి గాలి కన్నా పెరుగుతుంది. స్కూటర్ సీటు కింది డిక్కీలో ఎండ తగలదు గాని ఇంజను వేడి తగులుతుంది. ఎండలో ఆగి ఉన్న కారు లోపలి భాగం బయటి ఉష్ణోగ్రతను చాలా దాటిపోతుంది. ఈ మూడింటి కన్నా, కాళ్ల దగ్గర కొక్కేనికి తగిలించిన గుడ్డ సంచిలో, పైన మరో గుడ్డ కప్పి తేవడం మెరుగు. సంచిలో చల్లటి నీళ్ల సీసా ఒకటి కవరుకు ఆనించి పెడితే ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది.

మాంసాన్ని మోదుగు ఆకుల్లో చుట్టి, పైన తడి గుడ్డ కట్టి తేవడం పాత పద్ధతి. అది నిజంగా పనిచేస్తుందా అన్నది పరిశీలించదగిన విషయం. తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి, పొడి వేడిలో తడి గుడ్డ గాలి కన్నా చాలా చల్లగా ఉంటుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ ఇరవై శాతం ఉన్నప్పుడు, గాలి తగిలే తడి గుడ్డ 24 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. ఇది సురక్షితమైన చల్లదనం కాదు, కానీ 40 డిగ్రీలకూ 24 డిగ్రీలకూ మధ్య బ్యాక్టీరియా పెరిగే వేగంలో పెద్ద తేడా ఉంది. గుడ్డ ఆరకుండా చూసుకుంటే అరగంట ప్రయాణానికి ఇది పనికివస్తుంది. అయితే మృగశిర నాటికి గాలిలో తేమ పెరుగుతుంది. అప్పుడు 36 డిగ్రీల గాలిలో తేమ అరవై శాతం ఉంటే, తడి గుడ్డ 29 డిగ్రీల కన్నా కిందికి దిగదు. అంటే చేపలు ఎక్కువగా కొనే రోజునే ఈ పద్ధతి బలం తగ్గుతుంది. ప్లాస్టిక్ కవర్ లోపల గుడ్డను తడిపి పెడితే ఏ కాలంలోనూ ఫలితం ఉండదు, ఆవిరి బయటికి పోయే దారి లేదు కదా.

ఐసు లెక్క: సాగర్ నుంచి నల్గొండ దాకా

నాగార్జున సాగర్ దగ్గర మూడు కిలోల రవ్వ చేప కొని, నల్గొండకు బస్సులో తెచ్చే కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దూరం అరవై కిలోమీటర్ల పైచిలుకు. బస్సు కోసం ఎదురుచూడటంతో కలిపి రెండు గంటలు పడుతుందనుకుందాం. ఐసు లేకపోతే ఈ రెండు గంటలూ చేప నీటి వేడి నుంచి బస్సు వేడికి ఎక్కుతూ ఉంటుంది. గంట గడువు మిర్యాలగూడ దారి చీలేసరికే ముగిసి ఉంటుంది.

ఐసు తీసుకుంటే ఎంత తీసుకోవాలి? 30 డిగ్రీల మీద ఉన్న మూడు కిలోల చేపను సున్నా డిగ్రీలకు దించడానికి సుమారు ఒక కిలో ఐసు కరగాలి. ఇది చేప వేడిని తీసేందుకు మాత్రమే. మామూలు సైజు థర్మాకోల్ డబ్బా గోడల గుండా 40 డిగ్రీల బయటి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది, దానికి గంటకు పావు కిలోకు పైగా ఐసు కరుగుతుంది. రెండు గంటల దారికి మరో అరకిలో అంటే, మొత్తం కిలోన్నర దాటుతుంది. ఇంటికి చేరేసరికి డబ్బాలో ఐసు ఇంకా మిగిలి ఉండాలి. లేకపోతే చివరి అరగంటలో వేడి మళ్లీ మొదలవుతుంది. బస్సు ఆలస్యమైనా సరిపోవాలంటే మూడు కిలోల చేపకు మూడు కిలోల ఐసు అన్న పాత కొలతే సరైనదని ఈ లెక్క తేలుస్తుంది. జూరాల దగ్గర కొని హైదరాబాద్ దాకా తీసుకెళ్లేవారికి దారి ఇంతకు రెట్టింపు కన్నా ఎక్కువ కాబట్టి, డబ్బా గోడలు మందంగా ఉండటం, మూత టేపుతో బిగించి ఉండటం ఐసు బరువుతో సమానంగా ముఖ్యమవుతాయి.

ఎంత ఐసు అన్నదే కాక ఎలా పెట్టారన్నదీ ఫలితాన్ని మారుస్తుంది. పెద్ద గడ్డ ఒకటి పైన పెడితే అది తాకిన చోటే చేప చల్లబడుతుంది. గడ్డను పగలగొట్టి, అడుగున ఒక వరుస, నడుమ చేప, మీద మరో వరుసగా పరిస్తే అన్ని వైపుల నుంచీ చల్లదనం అందుతుంది. చేప పొట్ట చీల్చి పేగులు తీయించి, లోపల కూడా కొంత ఐసు నింపితే లోపలి జీర్ణ రసాల బెడద పోతుంది. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలుగా తయారయ్యే ఐసును తాగే నీటితోనే చేస్తారన్న నమ్మకం లేదు కనుక, ముక్కలుగా కొట్టించిన చేపకు అది నేరుగా తగలకుండా శుభ్రమైన కవర్లో పెట్టాలి. ముందురోజు రాత్రి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాలు నాలుగు తీసుకెళ్తే ఈ చిక్కే ఉండదు. కరిగిన నీళ్లు డబ్బాలోకి పారకపోవడం వాటితో మరో సౌకర్యం.

మటన్‌కు ఇంత ఐసు అవసరం లేదు, అయినా లెక్క ఇదే. ఒంటి వేడితో ఉన్న కిలో మాంసాన్ని 5 డిగ్రీలకు దించడానికి మూడో వంతు కిలో ఐసు కరుగుతుంది. అరగంట దారికి రెండు గడ్డకట్టిన సీసాల నడుమ మాంసం పొట్లాన్ని పలుచగా పరిచి పెడితే చాలు.

ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన చల్లబడదు

ఇంటికి చేరి ఫ్రిజ్‌లో పెట్టగానే గండం గడిచిందని అనుకోవడం ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అపోహ. మాంసం లోపలి వేడి పైకి నెమ్మదిగానే వస్తుంది. మందం రెట్టింపైతే చల్లబడే సమయం రెట్టింపు కన్నా ఎక్కువ పడుతుంది. రెండు కిలోల మటన్‌ను లోతైన స్టీలు గిన్నెలో కుప్పగా పోసి, మూత పెట్టి, పదకొండు గంటలకు ఫ్రిజ్‌లో ఉంచితే గిన్నె అంచుల్లోని ముక్కలు త్వరగానే చల్లబడతాయి. నడుమ ఉన్న ముక్కలు మాత్రం సాయంత్రం దాకా వెచ్చగానే ఉండవచ్చు. వంటకు తీసేటప్పుడు గిన్నె పైభాగం చల్లగా తగిలినా మధ్యలో వేలు పెడితే గోరువెచ్చగా ఉండటం చాలా ఇళ్లలో చూసిన సంగతే. అదే రెండు కిలోలను అరకిలో చొప్పున నాలుగు కవర్లలో పోసి, రెండు వేళ్ల మందాన పరిచి, ఒకదానిపై ఒకటి కాకుండా విడివిడిగా పెడితే చాలా తక్కువ సమయంలో చల్లబడుతుంది. ఎండాకాలంలో తలుపు తరచుగా తెరవడం, కరెంటు పోవడం వల్ల ఫ్రిజ్ స్వయంగా 8, 10 డిగ్రీల దగ్గర నడుస్తుండవచ్చు కాబట్టి, మరునాటికి దాచే మాంసాన్ని మొదటి గంట రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత కిందికి మార్చడం మంచిది.

ఫ్రిజ్‌లో పెట్టేలోపు ఉప్పు, పసుపు పట్టించి గట్టు మీద ఉంచడం కూడా రక్షణ కాదు. కూరకు పట్టించే మోతాదు ఉప్పు, పసుపు బ్యాక్టీరియాను ఆపలేవు. మాంసాన్ని ఉప్పుతో నిలవ చేయడం వేరే పని. ఒట్టి తునకలకు ఉప్పు, పసుపు దట్టించి, దారానికి గుచ్చి, తడి పూర్తిగా పోయేదాకా ఎండబెడతారు. అక్కడ కాపాడేది తడి లేకపోవడం. తడితో ఉన్న పచ్చి ముక్కలకు పసుపు రంగు తప్ప ఏమీ చేకూరదు.

వాసన చూడటం, బాగా ఉడికించడం

మాంసం వాసన మారడానికి, పైన జిగట చేరడానికి చదరపు సెంటీమీటరుకు కోటి దాకా బ్యాక్టీరియా చేరాలి. వాసన పుట్టించేవి, జబ్బు చేసేవి ఒకటే కావు. సాల్మొనెల్లా ఎంత పెరిగినా మాంసం తాజా వాసనే వేయవచ్చు. కాబట్టి చెడు వాసన వస్తే ఆ మాంసం పనికిరాదని నిర్ణయించవచ్చు గాని, వాసన రాలేదన్న కారణంతో పనికివస్తుందని నిర్ణయించడానికి లేదు. ఆకుపచ్చని ఛాయ, చేతికి అంటే జిగట, ముక్కుకు తగిలే ఘాటు, ఈ మూడింటిలో ఏది కనిపించినా కడిగి వండే ప్రయత్నం చేయకూడదు.

వంట సంగతికి వస్తే, మాంసం పూర్తిగా ఉడికితే బ్యాక్టీరియాలో చాలావరకు చస్తాయి. పొద్దున కోసిన మటన్ పది గంటలకు కుక్కర్ ఎక్కితే ఎవరికీ ఏమీ కాకపోవడం ఇందువల్లే. వెంటనే వండేవారికి ముక్కలు కొట్టించినప్పటి నుంచి గంటన్నర, కష్టం మీద రెండు గంటలు అనుకోవచ్చు. కీమా, కార్జం, బోటి, చేప మాత్రం గంటలోపే పొయ్యి మీదికి చేరాలి. అంతకు మించిన ఆలస్యాన్ని వంట సరిదిద్దలేకపోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. కొన్ని బ్యాక్టీరియాలు గట్టి బీజాల రూపంలో ఉడుకును తట్టుకుని, కూర గట్టు మీద చల్లారుతున్నప్పుడు మళ్లీ మొలకెత్తుతాయి. ఇంకొన్ని పెరిగే క్రమంలో విషాన్ని విడిచిపెడతాయి. ఉడికినప్పుడు అవి చచ్చినా ఆ విషం మిగిలిపోతుంది.

రెండో కారణానికి స్పష్టమైన ఉదాహరణ సముద్రపు చేపల్లో దొరుకుతుంది. తీరం నుంచి ఇక్కడి పట్టణాలకు వచ్చే వంజరం, సూర వంటి చేపలు ఐసు తప్పి వెచ్చబడితే, వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. అది చేరిన చేప తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటలోపు ముఖం ఎర్రబడి, నోరు చురచురమని, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. చాలామంది దీన్ని చేప పడకపోవడంగా భావిస్తారు. వేపుడు చేసినా, పులుసు మరిగించినా, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టినా ఒకసారి తయారైన హిస్టమిన్ పోదు. దాని జాడ వాసనలో తెలియకపోవచ్చు. తీరానికి ఇంత దూరంలో ఉన్న జిల్లాల్లో ఈ చేపను కొనాలా వద్దా అన్నది అమ్మే పళ్లెం చూసి తేల్చుకోవచ్చు: వంజరం ముక్కల కింద, మీద ఐసు లేకపోతే, ధర ఎంత తగ్గించినా అది కొనదగినది కాదు.